కళ్ళ టెస్టులో "ఒకటి బాగుందా, రెండు బాగుందా" అంటే తోచింది చెప్పేశాను. ఆ నంబర్‌తో అద్దాలు చేయించవచ్చా?

కావలి కెరటం
నెల్లూరులో పొగతోట వైపు ఒక ఆసుపత్రిలో కళ్ళు చూపించుకున్నా. ముందు కంప్యూటర్ దగ్గర గడ్డం ఆనించి, పొడుగాటి రోడ్డు చివర గాలి బెలూన్ బొమ్మ చూడమన్నారు. తర్వాత చీకటి గదిలో బరువైన గుండ్రటి ఫ్రేమ్ ముక్కు మీద పెట్టి అద్దాలు మారుస్తూ పోయారు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఒక పుల్లకు బిగించిన చిన్న అద్దాన్ని కంటి ముందు అటూ ఇటూ తిప్పుతూ "ఒకటి బాగుందా? రెండు బాగుందా?" అని మొదలుపెట్టారు. మొదట తేడా తెలిసింది. పోనుపోను రెండూ ఒకేలా ఉన్నాయి. ఇంకా చెప్పాలంటే రెండూ మసకే. వెనక జనం క్యూలో ఉన్నారు, టెన్షన్‌లో ఒకసారి "ఒకటి" అన్నా, మళ్ళీ అడిగితే "రెండు" అన్నా, చివరికి "ఏమో సార్, రెండూ ఒకటే" అన్నా. ఆయనేమో "సరే, అయిపోయింది" అని రాసిచ్చేశారు!

కుడికన్ను: కంప్యూటర్ చీటీలో −2.00, సిలిండర్ −1.00, యాక్సిస్ 80. డాక్టర్ చీటీలో −1.75, సిలిండర్ −0.75, యాక్సిస్ 90.
ఎడమకన్నుకి రెండు చీటీలకీ పెద్ద తేడా లేదు.

నా తిక్క సమాధానాల వల్లే కుడికన్ను నంబర్ మారిపోయిందా? వయసు 26. పని అంతా కంప్యూటర్ ముందే. అద్దాలకు ఇంకా ఆర్డర్ ఇవ్వలేదు.

చేపలపులుసు
నాకైతే పదో తరగతి బిట్ పేపర్ గుర్తొస్తుంది ఆ కుర్చీలో. తెలియకపోతే అన్నీ "బి" పెట్టేయడమే.

ఒంగోలు గిత్త
టెన్షన్ పడకు తమ్ముడూ. అసలు నంబర్ కంప్యూటర్‌లోనే వచ్చేస్తుంది. ఆ ప్రశ్నలన్నీ మనల్ని బాగా చూశారన్న తృప్తి కోసం. నేను కిందటిసారి షాపులో కంప్యూటర్ చీటీ మీదే అద్దాలు చేయించుకున్నా, శుభ్రంగా కనిపిస్తోంది. నువ్వు కూడా ఆ చీటీ నంబరే వేయించుకో.

కొండపి పొగాకు
నా అనుభవం చెప్తా. ఒకటి కంటే రెండే బెటర్. ఒకే అద్దంలో పైన దూరం, కింద దగ్గర పెట్టించుకున్నా. వేలం కేంద్రంలో తల పైకెత్తితే బోర్డు కనిపిస్తుంది, మెట్లు దిగేటప్పుడు మాత్రం కాలు ఎక్కడ పడుతుందో తెలియదు. ఇప్పుడు దూరానికి ఒక జత, ఆకు గ్రేడింగుకి, ఫోనుకి ఇంకో జత. హాయిగా ఉంది.

చేపలపులుసు
అన్నా, ఆ "రెండు" వేరు, ఈ "రెండు" వేరు 😀

లెన్సుపెట్టె
నేను ఒంగోలులో ఆప్టోమెట్రిస్టుని. రోజంతా ఆ ప్రశ్న అడిగేది నేనే కాబట్టి అవతలి పక్క ఏం జరుగుతుందో చెప్తాను.

కెరటం గారూ, మీకు "రెండూ మసకే" అనిపించడం తప్పు కాదు, అది అలా కావాలనే చేసింది. ఆ పుల్ల మీది అద్దాన్ని క్రాస్ సిలిండర్ అంటాం. అది మీ చూపును బాగుచేయడానికి పెట్టింది కాదు. కొంచెం సిలిండర్ దోషాన్ని, అంటే ఒక దిక్కున ఒక పవర్, దానికి అడ్డ దిక్కున ఇంకో పవర్ ఉండడం వల్ల వచ్చే మసకని, కావాలని కలుపుతుంది. తిప్పినప్పుడు అదే దోషం అడ్డంగా ఇంకో దిక్కుకి మారుతుంది. అంటే మీకు చూపించేది రెండు రకాల మసక. "ఏది బాగుంది" అని అడగడం మా అలవాటు గానీ, నిజానికి అడగాల్సింది "ఏది తక్కువ చెడ్డగా ఉంది" అని.

ఇప్పుడు మీ కుడికన్ను తీసుకుందాం. యాక్సిస్ అంటే ఆ సిలిండర్ దోషం ఏ కోణంలో ఉందో డిగ్రీల్లో చెప్పే అంకె. కంప్యూటర్ 80 యాక్సిస్ ఇచ్చింది కాబట్టి ఆయన అక్కడే మొదలుపెట్టి ఉంటారు. మీ నిజమైన యాక్సిస్ 90 అనుకుందాం. 80 దగ్గర తిప్పినప్పుడు ఒక పక్క దోషం ఉన్నదానికి కలుస్తుంది, ఇంకో పక్క ఉన్నదాన్ని కొంత కొట్టేస్తుంది. అందుకే మొదట్లో మీకు తేడా తెలిసింది. మీరు చెప్పిన వైపుకి ఆయన యాక్సిస్‌ని జరిపి మళ్ళీ తిప్పారు. 90 దాటి 95కి వెళ్తే మీ సమాధానం తిరగబడుతుంది, వెనక్కి వస్తారు. సరిగ్గా యాక్సిస్ మీద ఉన్నప్పుడు రెండు పక్కలా దోషం సమానం, రెండు మసకలూ సమానం. త్రాసు ముల్లు మధ్యలో నిలబడ్డట్టు. కాబట్టి మీ నోట "రెండూ ఒకటే" అనే మాట కోసమే ఆయన ఎదురుచూస్తున్నారు. ఆ మాట రాగానే "అయిపోయింది" అన్నది అందుకే.

కావలి కెరటం
ఆ ముక్క ముందే చెప్పి ఉంటే నాకు చెమటలు పట్టేవి కాదు కదండీ! నేనేమో ఫెయిల్ అయ్యాననుకున్నా.
కానీ ఒకే ప్రశ్నకి ఒకసారి ఒకటి, ఒకసారి రెండు అన్నానే. దాని సంగతేంటి?

లెక్కల మాస్టారు
లెన్సుపెట్టె గారు చెప్పినదానికి అంకెలు వేసి చూశాను. రిటైరయ్యాక ఇంకేం పని! యాక్సిస్ పక్కకు జరిగితే మిగిలే దోషం సుమారుగా: సిలిండర్ పవర్‌కి రెండింతలు, దాన్ని జరిగిన కోణం సైన్‌తో గుణించాలి. అబ్బాయి సిలిండర్ 0.75. పది డిగ్రీలు తప్పితే 0.26 మిగులుతుంది. అయిదు డిగ్రీలు తప్పితే 0.13.

ఆ పుల్ల అద్దం కలిపే దోషం ఎంతో చెప్తే మిగతాది కూడా తేలుస్తాను.

లెన్సుపెట్టె
మామూలుగా వాడేది ప్లస్ మైనస్ 0.25ది మాస్టారూ. సిలిండర్ లెక్కలో మొత్తం 0.50.

లెక్కల మాస్టారు
అయితే చూడండి. పది డిగ్రీలు తప్పిన చోట ఒక పక్క 0.50కి 0.26 కలిసి 0.76, ఇంకో పక్క 0.24. మూడింతల తేడా, ఎవరైనా పట్టేస్తారు. అయిదు డిగ్రీల దగ్గర 0.63, 0.37. కష్టపడితే తెలుస్తుంది. రెండు డిగ్రీలకి వస్తే తేడా 0.55కీ 0.45కీ మధ్య. అక్కడ దేవుడొచ్చినా "ఏమో" అనాల్సిందే.

ఇప్పుడు అదే మనిషికి సిలిండర్ 0.75 కాకుండా 3.00 అనుకోండి. అయిదు డిగ్రీలు తప్పితేనే 0.52 మిగులుతుంది. తిప్పితే ఒక పక్క 1.02, ఇంకో పక్క దాదాపు సున్నా. వాడు తడబడడు, కుర్చీలోంచి లేచి మరీ చెప్తాడు.

అంటే, తప్పు జరిగితే నష్టం ఎక్కువగా ఉండే కంటికి సమాధానం తేలిగ్గా తెలుస్తోంది. సమాధానం తెలియని చోట తప్పినా నష్టం తక్కువ. ఈ లెక్క నాకు బాగా నచ్చింది.

లెన్సుపెట్టె
మాస్టారూ, ఇదే మా జూనియర్లకి చెప్పడానికి నానా తంటాలు పడతాను. దండం.

కెరటం గారి రెండో ప్రశ్న. మీరు తడబడ్డారంటే ఆయన చేతిలోని అద్దం మీ కన్ను తేడా పట్టగలిగే హద్దు దగ్గరికి వచ్చిందన్నమాట. అక్కడ ఒకటి అన్నా రెండు అన్నా ఫలితం నాలుగైదు డిగ్రీల లోపే ఊగుతుంది. పైగా మేము ఒక్క సమాధానాన్ని నమ్మం. "మూడు బాగుందా, నాలుగు బాగుందా" అని అడుగుతామే, చాలాసార్లు అవి కొత్త అద్దాలు కావు. ఇందాకటి ఒకటి, రెండునే వరస మార్చి చూపిస్తాం. కొందరు ఎప్పుడూ రెండోదే బాగుందంటారు, చివర చూసింది గుర్తుంటుంది కాబట్టి. వరస మారిస్తే ఆ అలవాటు బయటపడుతుంది. మళ్ళీ కూడా మొదటి అద్దాన్నే ఎంచితే అది నిజమైన తేడా.

అద్దాల పవర్ కూడా 0.25 మెట్లలోనే దొరుకుతుంది. అదే మనిషిని ఇద్దరు మంచి ఆప్టోమెట్రిస్టులు చూసినా 0.25 తేడా రావడం మామూలే.

ఒంగోలు గిత్త
అంత లెక్క ఉన్నప్పుడు కంప్యూటర్ ఇంకా బాగా చేస్తుంది కదా? అది టెన్షన్ పడదు, క్యూ చూసి కంగారు పడదు. నా అద్దాలు బాగానే పనిచేస్తున్నాయి అని చెప్పాగా.

లెన్సుపెట్టె
మీ వయసెంత గిత్త గారూ?

ఒంగోలు గిత్త
52

లెన్సుపెట్టె
అందుకే బాగా కుదిరింది. కంప్యూటర్ చెడ్డదని నేను అనడం లేదు, చాలామందికి అది దగ్గరగానే ఇస్తుంది, మేమూ అక్కడి నుంచే మొదలుపెడతాం. కానీ కుర్రవాళ్ళ కంట్లో లెన్సు ఇంకా మెత్తగా ఉంటుంది, దగ్గర వస్తువుకి తనంతట తాను ఫోకస్ మార్చుకుంటుంది. ఆ పెట్టెలోకి చూసేటప్పుడు బెలూన్ ఎంత దూరంగా కనిపించినా, బొమ్మ దగ్గరే ఉందని కంటికి తెలిసిపోయి కాస్త బిగుసుకుంటుంది. దాంతో మైనస్ ఎక్కువ చూపిస్తుంది. 52 ఏళ్ళకి ఆ బిగింపు దాదాపు పోతుంది కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు. 26 ఏళ్ళ కంటికి ఉంది. కెరటం గారి కంప్యూటర్ చీటీలో −2.00 ఉండి చివరికి −1.75 రావడంలో నాకు వింతేమీ కనిపించలేదు.

ట్రంకురోడ్డు షాపు
నాదీ ఇదే లైను, నెల్లూరు. లెన్సుపెట్టె అన్నతో ఒక విషయంలో మాత్రం ఒప్పుకోను. "రెండూ ఒకటే" అన్న మాటని అంత గౌరవించకూడదు. సగం మంది తొందరగా వదిలించుకోవడానికి మొదటి ప్రశ్న నుంచే సేమ్ సేమ్ అంటారు. వాళ్ళ మాట పట్టుకుని యాక్సిస్ రాస్తే, వారం తర్వాత "నేల వాలుగా కనిపిస్తోంది" అని నా షాపుకే వస్తారు. అందుకే నేను సేమ్ అననివ్వను. ఒకటో రెండో తేల్చి చెప్పమంటా.

చేపలపులుసు
ఈయన దగ్గరకెళ్తే ఆప్షన్లలో "పైవేవీ కావు" కూడా ఉండదన్నమాట

లెన్సుపెట్టె
షాపు తమ్ముడూ, నువ్వు చెప్పే మనుషులు ఉన్నారు, కాదనను. కానీ బలవంతంగా ఒకటి చెప్పిస్తే నీకొచ్చేది సమాధానం కాదు, బొమ్మా బొరుసూ. నేనైతే సేమ్ అనగానే యాక్సిస్‌ని కావాలని పదిహేను, ఇరవై డిగ్రీలు పక్కకు లాగి మళ్ళీ అడుగుతా. అప్పుడు గబుక్కున "ఇది బాగుంది" అని సరైన వైపు చూపిస్తే, ఇందాకటి సేమ్ నిజమైన సేమ్. అటు పక్కకు లాగినా మళ్ళీ వెనక్కే రమ్మంటే ఇంకా మంచిది, రెండు వైపుల నుంచీ ఒకే చోటికి చేరినట్టు. అక్కడా సేమ్ అంటే రెండే కారణాలు. మనిషి మనసు పెట్టడం లేదు, లేదా ఆ కంటికి ఈ మెట్టు చాలడం లేదు.

ఈ రెండోది ముఖ్యం. కంట్లో పొర వచ్చిన పెద్దవాళ్ళకి చార్టులో పై అక్షరమే కష్టంగా కనిపిస్తుంటే 0.25 తేడా ఎక్కడ తెలుస్తుంది? వాళ్ళకి 0.50దో 1.00దో క్రాస్ సిలిండర్ తీయాలి, మామూలు అద్దాలు కూడా పెద్ద మెట్లలో మార్చాలి. చిన్నది పట్టుకుని అరగంట తిప్పితే వాళ్ళు విసుగెత్తి ఏదో ఒకటి చెప్తారు, తప్పు వాళ్ళది కాదు.

ట్రంకురోడ్డు షాపు
లాగి చూడటం సరే. రోజుకి నలభై మంది వస్తే అది ఎప్పుడు చేస్తాం అన్నా, నువ్వే చెప్పు.

లెన్సుపెట్టె
దానికి నా దగ్గర జవాబు లేదు 🙂

సింగరాయకొండ సుజాత
మా నాన్న విషయం అడగనా? ఆయన ఒకటా రెండా అంటే టకటకా చెప్పారు, ఎక్కడా తడబడలేదు. అద్దాలు వచ్చిన రోజు బ్రహ్మాండం అన్నారు. నెల తిరిగేసరికి దూరం మసక అని పక్కన పడేశారు. డాక్టర్‌ని తిడుతున్నారు. మరి సమాధానాలు సరిగ్గా చెప్పినా ఇలా ఎందుకైంది?

లెన్సుపెట్టె
సుజాత గారూ, నాన్నగారికి షుగర్ ఉందా? ఆ మధ్య మందులు మార్చారా?

సింగరాయకొండ సుజాత
అమ్మో, ఎలా తెలిసింది? అప్పుడే షుగర్ బయటపడింది, 300 పైన ఉంది. మందులు మొదలుపెట్టాక ఇప్పుడు అదుపులో ఉంది.

లెన్సుపెట్టె
అదే ఎక్కువ అవకాశం. షుగర్ బాగా ఎక్కువున్నప్పుడు కంటిలోని లెన్సు మారి, చాలామందికి నంబర్ మైనస్ వైపు జరుగుతుంది. అదుపులోకి వచ్చేటప్పుడు ప్లస్ వైపు వస్తుంది. కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. నాన్నగారు చెప్పిన సమాధానాలు ఆరోజు కంటికి నూటికి నూరు పాళ్ళు నిజం. ఆ కన్ను ఇప్పుడు లేదు, అంతే. షుగర్ నిలకడగా ఉన్నాక మళ్ళీ టెస్ట్ చేయించండి. అదెలాగూ షుగర్ ఉన్నవాళ్ళు రెటీనా కూడా చూపించుకోవాలి, ఒకే రోజు రెండూ అయితే కంట్లో మందు వేయకముందే నంబర్ చూడమనండి.

ఉదయగిరి అమ్మ
మా పాపకి ఏడేళ్ళు. "ఏది బాగుందమ్మా" అంటే "ఆంటీ గాజులు బాగున్నాయి" అంది. అలాంటివాళ్ళకి ఎలా చూస్తారు?

లెన్సుపెట్టె
హహ. పిల్లలకి చుక్కల మందు వేసి ఫోకస్ బిగింపుని సడలించి, ఒక చిన్న లైటు కంట్లోకి ఊపుతూ లోపలి ఎరుపు ఎటు కదులుతుందో చూసి నంబర్ తేలుస్తాం. పాప నోరు విప్పకపోయినా ఫర్వాలేదు. మందు వేయకుండా పిల్లలకి మైనస్ అద్దాలు రాసిస్తే మాత్రం "మందు వేసి చూడరా?" అని అడగండి.

కావలి కెరటం
మళ్ళీ నా గోల. క్రాస్ సిలిండర్ సరే, అర్థమైంది. ఇంకో చోట కూడా తడబడ్డా. చివర్లో మామూలు అద్దం పెట్టి తీసి "దీంతో బాగుందా, ఇది లేకుండా బాగుందా" అన్నారు. పెట్టినప్పుడు అక్షరాలు నల్లగా, గట్టిగా కనిపించాయి. "పెడితేనే బాగుంది" అన్నా. ఆయన వినకుండా తీసేశారు. అదేంటి, అడిగి మరీ వినకపోవడం?

లెన్సుపెట్టె
తీసేసి ఏమైనా అడిగారా?

కావలి కెరటం
కింద లైను చదవమన్నారు. పెట్టినా తీసినా అదే లైను చదివా. 6/6 అన్నారు.

లెన్సుపెట్టె
అయితే సరైన పని చేశారు. ఈ చర్చలో నేను భయపడే తడబాటు ఏదైనా ఉంటే అది ఇదే, యాక్సిస్‌ది కాదు.

యాక్సిస్‌లో మీ తప్పులు అటోసారి ఇటోసారి పడి మధ్యకే వస్తాయి. కానీ మైనస్ ఎక్కించుకుంటూ పోతే కుర్రవాళ్ళ సమాధానాలన్నీ ఒకే వైపు తప్పుతాయి. అవసరానికి మించి 0.25 మైనస్ పెడితే కన్ను లోపల బిగించి దాన్ని సర్దేసుకుంటుంది, అక్షరాలు కాస్త చిన్నవై నల్లగా కనిపిస్తాయి. నలుపుని చూసి "బాగుంది" అంటారు. ఇంకో 0.25 పెడితే మళ్ళీ "బాగుంది". ఎంత ఖచ్చితంగా చెప్తే అంత ముప్పు. అందుకే ఇక్కడ ఇష్టం అడగడం ఆపి లెక్క అడుగుతాం: అద్దం పెట్టాక కొత్తగా ఒక్క అక్షరమైనా చదివారా? చదవకపోతే ఆ మైనస్ ఇవ్వం. అందుకే మొదట్లో కూడా ప్లస్ అద్దాలతో మసక చేసి, మెల్లగా దించుకుంటూ వస్తాం.

ఎరుపు, ఆకుపచ్చ పెట్టెల్లో అక్షరాలు చూపించారా?

కావలి కెరటం
చూపించారు. ఎరుపులో కొంచెం బాగున్నట్టు అనిపించింది, అదీ గట్టిగా చెప్పలేను.

లెన్సుపెట్టె
మీ వయసుకి అది మంచి గుర్తే. ఆకుపచ్చలో గట్టిగా కనిపిస్తుంటే మైనస్ ఎక్కువైందేమో అని అనుమానించేవాణ్ణి. డాక్టర్ చీటీ నంబరే వేయించండి.

ఒంగోలు గిత్త
సరే, కుర్రవాళ్ళ విషయంలో నా మాట వెనక్కి. నా అద్దాలు మాత్రం బాగానే ఉన్నాయి.

కొండపి పొగాకు
నన్నెవరూ పట్టించుకోలేదు. నాకు కూడా దూరం అద్దాల్లో నేల కొంచెం వాలుగా కనిపిస్తుంది. కొత్తవి. అది యాక్సిస్ తప్పా?

ట్రంకురోడ్డు షాపు
చీటీ తీసుకుని చేయించిన షాపుకే వెళ్ళండి పెద్దాయనా. ముందు అద్దాన్ని లెన్సోమీటర్ మీద పెట్టి, చీటీలో ఉన్న పవర్, యాక్సిస్ ఉన్నాయో లేదో చూడమనండి. మీరు కుర్చీలో సరిగ్గానే చెప్పినా, బిగించేటప్పుడు అద్దం తిరిగిపోవడం చూశాను, ముఖ్యంగా గుండ్రటి ఫ్రేముల్లో. కంటిపాపల మధ్య దూరం కూడా కొలవమనండి. అవన్నీ సరిపోతే అప్పుడు టెస్ట్ సంగతి.

కొండపి పొగాకు
గుండ్రటి ఫ్రేమే

లెన్సుపెట్టె
తమ్ముడు చెప్పింది ముందు చేయండి. అద్దం సరిగ్గా ఉంటే, పాత అద్దాల సిలిండర్ ఎంతో, కొత్తది ఎంతో ఇక్కడ రాయండి. యాక్సిస్ సరైనదే అయినా పాతదానికి చాలా తేడాగా ఉంటే అలవాటు పడేదాకా నేల వాలుతుంది. ఒకటి రెండు వారాలు దాటినా తగ్గకపోతే మళ్ళీ టెస్ట్ చేయించాల్సిందే.

లెక్కల మాస్టారు
పాతది, కొత్తది రెండు యాక్సిస్‌లూ రాయండి. తేడా ఎంత మిగిలిందో నేను లెక్క కట్టి పెడతా.